అద్దె ఫ్లాట్‌కి ప్లాన్ గీస్తున్నాను, మంచం పక్కన బీరువా పడుతుందా లేదా తేలడం లేదు

రమ్య_నిజాంపేట
అందరికీ నమస్తే. వచ్చే నెల ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లోకి మారుతున్నాం. సామాను మోయించాక "ఇక్కడ పట్టదు, అక్కడ పెట్టండి" అంటూ కూలీలతో గొడవ పడే ఓపిక లేదు. అందుకే ముందే గ్రాఫ్ షీటు మీద ప్లాన్ గీసుకుంటున్నా. ఒక సెంటీమీటరుకి ఒక అడుగు అని స్కేలు పెట్టుకున్నా.

బెడ్‌రూమ్ వెడల్పు 9.10, పొడవు 11.2. మంచం బయటి కొలత 5.4, 6.11 (స్టోరేజ్ మంచం). బీరువా మామూలు ఇనుప బీరువా, వెడల్పు 3, లోతు 1.7. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తే ఎదురుగా కిటికీ గోడ. మంచం తల వైపు దానికి ఆనించి, మధ్యలో వేద్దామని ఉంది. కుడి గోడకి బీరువా. గుమ్మం కుడి మూలకి దగ్గరగా ఉంది, తలుపు లోపలికి తెరుచుకుని కుడి గోడ వైపు వెళ్తుంది. ఎడమ గోడలో గుమ్మానికి దగ్గరగా బాత్రూమ్ తలుపు.

గ్రాఫ్ మీద చూస్తే మంచానికి రెండు పక్కలా 1.85 చొప్పున మిగులుతోంది. బీరువా 1.7 కదా, దూరిపోతుంది. కానీ మా ఆయన నమ్మడం లేదు. ఎక్కడైనా తేడా కొట్టిందా?

వెంకట్రావు_సత్తెనపల్లి
అమ్మా, ప్లాన్ విషయంలో సొంత తెలివి వద్దు. లైసెన్స్ ఉన్న ఇంజనీరు చేత గీయించి మునిసిపాలిటీలో అప్రూవల్ తీసుకోండి. మేం మూడేళ్ల కింద ఇల్లు కట్టినప్పుడు సెట్‌బ్యాక్ అడుగు తగ్గిందని నోటీసు ఇచ్చారు. ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

రమ్య_నిజాంపేట
వెంకట్రావు గారూ, ఇల్లు కట్టడం లేదండీ, అద్దెకి దిగుతున్నాం. సామాను ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికే ఈ బొమ్మ.

శ్రీకర్_బి
ఇంత కష్టం ఎందుకు? బిల్డర్ బ్రోచర్‌లో ఫ్లోర్ ప్లాన్ ఉంటుంది. ఓనర్‌ని అడిగి తీసుకుని దాని మీదే మంచం, బీరువా గీసేయండి. కొలతలు కూడా రాసి ఉంటాయి. లేదంటే నేల మీద టైల్స్ లెక్కపెట్టండి, అవన్నీ రెండడుగుల టైల్సే. టేపు కూడా అక్కర్లేదు.

ట్రేసింగ్_పేపర్
నేను ముప్పై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. రమ్యమ్మా, నీ బొమ్మ సంగతి తర్వాత చెప్తాను, ముందు ఒక మాట చెప్పు. 9.10 అని రాశావే, అది తొమ్మిదడుగుల పది అంగుళాలా, లేక తొమ్మిది పాయింట్ ఒకటా? గ్రాఫ్ మీద ఎక్కడ చుక్క పెట్టావు?

రమ్య_నిజాంపేట
తొమ్మిదడుగుల పది అంగుళాలే. గ్రాఫ్ మీద తొమ్మిది సెంటీమీటర్ల తర్వాత ఒక చిన్న గడి దగ్గర పెట్టాను. అంటే 9.1 దగ్గర.

ట్రేసింగ్_పేపర్
అదీ సంగతి. గ్రాఫ్ షీటులో సెంటీమీటరుకి పది చిన్న గడులు. అడుక్కి పన్నెండు అంగుళాలు. ఈ రెండూ కలవవు. పది అంగుళాలంటే 10ని 12తో భాగించాలి, 0.83 వస్తుంది. నీ గది వెడల్పు గ్రాఫ్ మీద 9.83 సెంటీమీటర్లు ఉండాలి. నువ్వు 9.1 గీశావు. నీ గదిలోంచి దాదాపు తొమ్మిది అంగుళాలు పోయాయి.

తమాషా ఏంటంటే, పొడవు 11.2ని అలాగే గీసినా తేడా కనపడదు. రెండు అంగుళాలంటే 0.17, నువ్వు 0.2 పెట్టావు. అందుకే ఈ తప్పు దొరకదు. ఒక గోడ సరిగ్గా ఉంటుంది, ఇంకోటి కుదించుకుపోతుంది, చూసేవాడికి గది మామూలు గదిలానే ఉంటుంది. మంచం పొడవు ఆరడుగుల పదకొండు అంగుళాలు కూడా 6.11 దగ్గరే గీసి ఉంటావు. అది 6.92.

అడుగులు అలవాటైతే ప్రతి కొలతనీ మొత్తం అంగుళాల్లో రాసుకుని 12తో భాగించు. నా మటుకు నేను టేపుకి రెండో అంచు మీదున్న సెంటీమీటర్లే చూడమంటాను. 9 అడుగుల 10 అంగుళాలు అంటే 118 అంగుళాలు, 300 సెంటీమీటర్లు. 11 అడుగుల 2 అంగుళాలు 340. స్కేలు 1:50 పెట్టుకో. నిజంలో 50 సెంటీమీటర్లు కాగితం మీద ఒక సెంటీమీటరు, ఒక చిన్న గడి అంటే అయిదు సెంటీమీటర్లు. ఇల్లంతా ఒక ఎ4 షీటులో పట్టేస్తుంది. బెడ్‌రూమ్ ఒక్కటీ ఇంకో షీటు మీద 1:25లో గీసుకో, 12 సెంటీమీటర్లు, 13.6 సెంటీమీటర్లు వస్తుంది. సామాను ముక్కలు అట్ట మీద కత్తిరించి జరుపుకోవడానికి ఆ సైజు హాయిగా ఉంటుంది.

శ్రీకర్ చెప్పిన టైల్స్ లెక్క సగం పనికొస్తుంది. ఆ టైల్ 600 మిల్లీమీటర్లు, రెండడుగులంటే 610. అయిదు టైల్స్ పడితే పదడుగులు అనుకుంటాం, నిజంగా మూడు మీటర్లే, అంటే తొమ్మిదడుగుల పది. రమ్యా, మీ గదిలో వెడల్పున టైల్స్ ఎన్ని?

రమ్య_నిజాంపేట
అయిదు! ఓనర్ కూడా "టెన్ ఫీట్ రూమ్" అనే చెప్పారు. ఇప్పుడు అర్థమైంది.

శ్రీకర్_బి
సరే, టైల్స్ ఒప్పుకుంటా. బ్రోచర్‌కి ఏమైంది మరి?

సుభానీ_వుడ్‌వర్క్స్
బ్రోచర్ నమ్మి నేను వార్డ్‌రోబ్ చేస్తే నా కొంప మునుగుతుంది సార్. ఒకే ఫ్లోర్‌లో ఎదురెదురు ఫ్లాట్‌లు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటాయి, బ్రోచర్‌లో ఒక్కటే వేస్తారు. మీకు కుడి వైపు ఉన్న తలుపు అందులో ఎడమ వైపు ఉంటుంది. కొలతలు కూడా ఇటుక నుంచి ఇటుక దాకా ఇస్తారు కొందరు, గోడ పూత లెక్కలో ఉండదు. రెండు పక్కలా పూత పోతే అంగుళం పైనే తగ్గుద్ది. గది ఆకారం అర్థం కావడానికి చూసుకోండి, కొలతకి మాత్రం టేపు పెట్టాల్సిందే.

శ్రీకర్_బి
టేపు మీద నాకు నమ్మకం లేదు సుభానీ గారూ. నా టేపు కొక్కెం వదులుగా ఊగుతోంది. సుత్తితో కొట్టి బిగించాను, అయినా మిల్లీమీటరు తేడా వస్తోంది.

సుభానీ_వుడ్‌వర్క్స్
అయ్యో, బిగించేశారా! అది కావాలనే వదులుగా పెడతారు సార్. కొక్కెం రేకు మందం ఎంతో, అంతే ఆట ఉంటుంది. అంచుకి తగిలించి లాగితే ముందుకొస్తుంది, గోడకి నొక్కితే వెనక్కెళ్తుంది, రెండు రకాలుగానూ సరైన కొలతే వస్తుంది. మీరు బిగించాక ఏదో ఒక రకంలో తేడా ఖాయం. ఈ పనికి మిల్లీమీటరు లెక్కలోది కాదులెండి.

మేడమ్ గారూ, మీకు ఒక మాట. తలుపు గీసేటప్పుడు ద్వారబంధం కొలత వేసుకోకండి, రెక్క కొలవండి. మూడడుగుల గుమ్మం అంటారు, అది కమ్మీల బయటి కొలత. రెక్క అంత ఉండదు.

రమ్య_నిజాంపేట
నేను మూడడుగులే వేశాను. ఈ రోజు సాయంత్రం తాళం తీసుకుని వెళ్లి మళ్లీ కొలుస్తా. పావు వృత్తం ఎక్కడి నుంచి గీయాలో కూడా చెప్పండి, గోడ మూల నుంచి గీశాను.

ట్రేసింగ్_పేపర్
కంపాస్ ముల్లు మడత బందులు ఉన్న చోట పెట్టాలమ్మా, గోడ మూలలో కాదు. మూలకీ బందులకీ మధ్య కొంత గోడ, ద్వారబంధం కమ్మీ ఉంటాయి కదా. ఆ దూరం కొలిచి అక్కడ ముల్లు పెట్టి, రెక్క వెడల్పంత తెరిచి, మూసిన చోటి నుంచి తొంభై డిగ్రీల దాకా సన్నగా తిప్పు. పూర్తిగా తెరిచిన రెక్కని ఒక గీతగా గీయి. ఏ వైపు తెరుచుకుంటుందో అనుమానమైతే తలుపు మూసి నిలబడు. బందుల కడ్డీలు నీకు కనిపిస్తున్నాయంటే సాధారణంగా తలుపు నీ వైపుకే వస్తుంది.

కొలిచేటప్పుడు ముక్కలు ముక్కలుగా కొలవకు. మూల నుంచి కమ్మీ దాకా ఒకసారి, కమ్మీ నుంచి స్విచ్ బోర్డు దాకా ఒకసారి అంటే ప్రతిసారీ అర సెంటీమీటరు అటూ ఇటూ పోయి చివరికి గోడ పొడవు మారిపోతుంది. టేపు కొన కుడి మూలలో పెట్టించి, ఎవరినైనా పట్టుకోమని, కదపకుండా వరుసగా చదువుతూ రాసుకో.

గోడకి ఒక్క గీత గీయొద్దు, రెండు గీతలు గీయి. గోడ మందం గుమ్మం దగ్గర తెలిసిపోతుంది. హాలు, బెడ్‌రూమ్ కలిపి సరిపోయాయో లేదో చూడటానికి, బెడ్‌రూమ్ తలుపు తెరిచి హాలు చివరి గోడ నుంచి కిటికీ గోడ దాకా ఒకే టేపు లాగు. రెండు గదులూ, మధ్య గోడా కలిపిన మొత్తం దానితో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాలో ఉండాలి. అంతకంటే ఎక్కువ తేడా వస్తే ఎక్కడో అంకె తప్పు రాసినట్టు. మూలలు సమంగా ఉన్నాయో లేదో తెలియాలంటే రెండు అడ్డ కర్ణాలూ కొలువు. మీ గదికి 453 చిల్లర రావాలి, రెండూ.

ఫ్రాంక్‌ఫర్ట్_కిరణ్
మీకు గోడలైనా నిటారుగా ఉన్నాయి. నేనుండేది పై అంతస్తు, పైకప్పు వాలుగా గోడ మీదకి దిగుతుంది. నేల మీద కొలిచి ప్లాన్ గీసి, అందులో అలమారా భేషుగ్గా పట్టిందనుకున్నా. తెచ్చాక నిలబెడితే పైకప్పుకి తగిలింది. అప్పటి నుంచి ప్లాన్‌లో తల ఎత్తు ఎక్కడ మొదలవుతుందో అక్కడ చుక్కల గీత వేస్తున్నా. ఇక్కడ అద్దె ఇళ్లు చాలావాటికి వంటగది సామాను కూడా ఉండదు, సింకుతో సహా మనమే బిగించుకోవాలి. కాబట్టి అందరూ ఇలా గీసుకునే వాళ్లే.

ఫ్రిజ్ గురించి కూడా చెప్తా. ఫ్రిజ్‌ని డబ్బా లాగా గీసి వదిలేయకండి, దాని తలుపుకీ పావు వృత్తం గీయండి. మా ఫ్రిజ్ బందుల వైపు గోడకి ఆనుకుంది. తలుపు తొంభై దాటి తెరుచుకోదు, కూరగాయల సొరుగు సగంలో ఆగిపోతుంది.

లక్ష్మి_రాజమండ్రి
రమ్యా, కిటికీ ఏ దిక్కున ఉందో రాయలేదు. తల దక్షిణం వైపు పెట్టి పడుకోవాలి. ప్లాన్‌లో ఉత్తరం బాణం లేకుండా ఎలా చెప్తారు? బీరువా కూడా నైరుతిలో పెట్టుకోమంటారు మా అత్తగారు.

రమ్య_నిజాంపేట
కిటికీ దక్షిణమే ఆంటీ, ఫోన్‌లో చూశాను. తల అటే వస్తుంది.

కొలతలు మళ్లీ తీశాను. గది 300, 340. కర్ణాలు 453, 454. హాలు 420, మధ్య గోడ 14, బెడ్‌రూమ్ 340, మొత్తం 774. ఒకే టేపుతో 773 వచ్చింది. బాబాయ్ గారూ, సరిపోయినట్టేనా?

గుమ్మం ఉన్న గోడ మీద, కుడి మూల నుంచి: బందులు 20 దగ్గర. రెక్క 82. మంచం 162, 210. బీరువా వెడల్పు 92, లోతు 48. బాత్రూమ్ తలుపు బాత్రూమ్ లోపలికే తెరుచుకుంటుంది.

ఇప్పుడు మంచానికి రెండు పక్కలా 69 మిగులుతోంది. అంటే బీరువా 48 పెట్టినా ఇంకా 21 ఉంటుంది! మా ఆయనకి చెప్పేశాను.

ట్రేసింగ్_పేపర్
కొలతలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆయనకి చెప్పడంలో మాత్రం తొందరపడ్డావు. బీరువా దూరుతుంది, తెరుచుకోదు. 92 వెడల్పు బీరువాకి ఒక్కో తలుపు 46. నీకున్నది 21. దాంట్లోనూ స్కర్టింగ్ అడ్డం వస్తుంది కాబట్టి వెనక ఒకటి రెండు సెంటీమీటర్లు పోతాయి. బీరువా లోతు 50 అని గీసుకో. 19 మిగిలింది. తలుపు కొద్దిగా తెరుచుకుని మంచానికి తగిలి ఆగుతుంది. కిరణ్ ఫ్రిజ్‌కి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది. బీరువాకి రెండు పావు వృత్తాలు గీయి, 46 వ్యాసార్ధంతో.

సుభానీ_వుడ్‌వర్క్స్
మంచాన్ని ఎడమ గోడకి జరిపేయండి మేడమ్. కుడి పక్క 138 ఖాళీ వస్తుంది, బీరువా 50 పోతే 88. తలుపులు తెరుచుకుంటాయి, మనిషి నిలబడొచ్చు. రెక్క తెరిస్తే గోడ వెంట గుమ్మం నుంచి 82 దాకా వస్తుంది కాబట్టి బీరువాని 90 తర్వాత మొదలెట్టండి.

లక్ష్మి_రాజమండ్రి
గోడకి ఆనించిన మంచం మీద లోపలి వైపు పడుకున్నవాళ్లు రాత్రి లేవాలంటే పక్కవాళ్ల మీద నుంచి దాటాలి బాబూ. దుప్పటి దోపడం కూడా నరకం. ఆ పక్కన దుమ్ము ఎవరు ఊడుస్తారు? స్టోరేజ్ మంచం కదా, జరపడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి.

ట్రేసింగ్_పేపర్
మంచం మధ్యలోనే ఉండాలంటే బీరువాని గుమ్మం ఉన్న గోడకే పెట్టి చూడండి. కిటికీ గోడ నుంచి మంచం 210 పోతే కాళ్ల వైపు 130 ఉంటుంది. బీరువా 50 పోతే 80. తలుపు తెరిచినప్పుడు ఇంకా 34 మిగులుతుంది, పక్కకి నిలబడి బట్టలు తీసుకోవచ్చు. గుమ్మం రెక్క 20 నుంచి 102 దాకా, కాబట్టి బీరువా 110 నుంచి 202 దాకా. పావు వృత్తాలు ఒకదాన్నొకటి తాకవు. ఎడమన బాత్రూమ్‌కి 98 దారి.

సుభానీ_వుడ్‌వర్క్స్
బాగుంది కానీ సార్, స్విచ్ బోర్డు ఎక్కడ? గుమ్మానికి గడియ వైపు గోడ మీదే ఉంటుంది ఎక్కడైనా. బీరువా దాని మీదకొస్తే లైటు వేయడానికి చెయ్యి దూరదు.

రమ్య_నిజాంపేట
సుభానీ గారు చెప్పింది నిజం. బోర్డు 113 నుంచి 135 దాకా ఉంది. కొలిచాను కానీ ప్లాన్‌లో వేయలేదు.

ట్రేసింగ్_పేపర్
అయితే బీరువా 140 నుంచి 232. బాత్రూమ్ వైపు 68 మిగులుతుంది. ఒక మనిషి నడవడానికి చాలు. బాత్రూమ్ తలుపు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా?

రమ్య_నిజాంపేట
గుమ్మం ఉన్న గోడ నుంచి 20 దగ్గర మొదలై 95 దాకా. అంటే బీరువా పక్క దానికి ఎదురుగా 30 వరకే వస్తుంది, మిగతాది ఖాళీ. అట్ట ముక్కలు కత్తిరించి 1:25 షీటు మీద జరిపి చూశాను. బీరువా కుడి తలుపు గుమ్మం వైపు తెరుచుకుంటుంది, బోర్డుకి అడ్డం లేదు. ఎడమ తలుపు తెరిస్తే మాత్రం బాత్రూమ్ దారిలోకి వస్తోంది.

లక్ష్మి_రాజమండ్రి
ఆయన స్నానానికి వెళ్లేటప్పుడే నువ్వు చీర తీస్తావు. రోజూ అదే గొడవ. నేనైతే మంచాన్ని ఎడమకి కాస్త జరిపి, గోడకి ఒక అడుగు మాత్రం వదులుతాను. ఊడ్చుకోవడానికి చాలు. కుడి పక్క కావలసినంత చోటు వస్తుంది.

ట్రేసింగ్_పేపర్
అడుగు వదిలితే కుడి పక్క 108. బీరువా 50 పోతే 58, తలుపుకి 46. తెరుచుకుంటుంది, కానీ ముందు నిలబడ్డ మనిషి మంచం మీద కూర్చోవాల్సిందే. అది ఇష్టమైతే సరే. పైగా బీరువాని నైరుతి మూల దాకా జరిపితే మీ అత్తగారి మాటా నిలబడుతుంది లక్ష్మమ్మా. 

రమ్యా, దిక్కులు ఫోన్‌తో చూశానన్నావు. ఇనుప బీరువా పక్కన, గ్రిల్ పక్కన ఫోన్ ముల్లు తిరిగిపోతుంది. గది మధ్యలో నిలబడి ఇంకోసారి చూడు.

ఫ్రాంక్‌ఫర్ట్_కిరణ్
మంచం స్టోరేజ్ ఎటు తెరుచుకుంటుంది? పరుపు పైకి లేచే రకమా, పక్కన సొరుగులు లాగే రకమా? సొరుగులైతే 69 కూడా చాలకపోవచ్చు, సొరుగు లోతు, వంగే మనిషి రెండూ లెక్కేయాలి.

రమ్య_నిజాంపేట
పైకి లేచే రకమే కిరణ్ గారూ, కాళ్ల వైపు నుంచి ఎత్తాలి. ఆ వైపు 80 ఉంది కాబట్టి పర్వాలేదనుకుంటా.

ప్లాన్ ఫోటో తీసి మా ఆయనకి వాట్సాప్‌లో పంపాను. ఆయన ఆఫీసులో ప్రింట్ తీసి స్కేలుతో కొలిస్తే గది 5.6 సెంటీమీటర్లు వచ్చిందట, 2.8 మీటర్లే అంటున్నారు. ఇదేం గోల?

ట్రేసింగ్_పేపర్
ఫోటో తీసి ప్రింట్ వేశాక 1:50 ఎక్కడుంటుందమ్మా. ఫోటోలోనే సైజు మారుతుంది, ప్రింటర్ కాగితానికి సరిపడేలా ఇంకోసారి మారుస్తుంది. అందుకే బొమ్మ కింద ఒక గీత గీసి, 0, 1, 2 మీటర్లు అని గుర్తులు పెట్టు. బొమ్మ ఎంత కుదించుకుపోయినా ఆ గీత కూడా అంతే కుదించుకుపోతుంది. ఆయన్ని ఆ గీతతో పోల్చి చూసుకోమను. ఫోటో పైనుంచి నిటారుగా తీయాలి, ఏటవాలుగా తీస్తే ఒక వైపు గది పెద్దదైపోతుంది. స్కాన్ చేసి పంపితే, ప్రింట్ చేసేటప్పుడు Fit to page తీసేసి Actual size పెట్టుకోమను.

సుభానీ_వుడ్‌వర్క్స్
మేడమ్, ఇంకొకటి. గదిలో పట్టడం సరే, గదిలోకి రావాలి కదా. బీరువా ఎత్తు ఆరున్నర అడుగులు, అది నిలబెట్టి లిఫ్ట్‌లో పడుతుందా? మెట్ల మలుపు కొలిచారా? మంచం విప్పి తెస్తారు, బీరువా విప్పరు.

రమ్య_నిజాంపేట
లిఫ్ట్ చిన్నది. ఫ్లాట్ నాలుగో అంతస్తు. మెట్ల మలుపు దగ్గర వెడల్పు రేపు కొలిచి పెడతాను. మంచం మధ్యలోనా, ఎడమకి జరిపా అన్నది మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు, ఆయన లక్ష్మి ఆంటీ పార్టీ.

వెంకట్రావు_సత్తెనపల్లి
అద్దె ఇల్లని ఇప్పుడు చూశానమ్మా. మరి ఏసీ ప్లగ్గు ఏ గోడకుంది? దాన్ని ఎవరూ అడగలేదు.